ఎక్కడిది? ఏం మార్చారు?

కంప్యూటర్‌లో ఒక ఫైలు సైజు చూస్తే `1.5 MB` అని కనిపిస్తుంది. నిజానికి లోపల ఉండేది 15,00,000 బైట్లు అనే పొడవాటి అంకె. ఆ అంకెను మనిషి చదవగలిగేలా కుదించి చూపించడానికి ఒక చిన్న కోడ్ ముక్క కావాలి. జావా భాషలో దాన్ని ఎలా రాయాలని 2010లో ఎవరో స్టాక్ ఓవర్‌ఫ్లోలో అడిగారు. ఆండ్రియాస్ లుండ్‌బ్లాడ్ అనే స్వీడన్ ప్రోగ్రామర్ జవాబు రాశాడు. మిగతావాళ్లు అంకెను మళ్లీ మళ్లీ భాగించుకుంటూ పోతే, ఆయన లాగరిథమ్ వాడి నాలుగైదు వరుసల్లో పని ముగించాడు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. జనం ఎత్తుకుపోయారు.

ఎంతమంది ఎత్తుకుపోయారో ఆయనకు చాలా ఏళ్ల దాకా తెలియదు. జర్మనీలోని ట్రియర్ విశ్వవిద్యాలయంలో సెబాస్టియన్ బాల్టెస్ అనే పరిశోధకుడు, స్టాక్ ఓవర్‌ఫ్లోలోని జావా కోడ్ బయట ఏయే ప్రాజెక్టుల్లోకి చేరిందో వెతికాడు. అందరికన్నా ఎక్కువగా కాపీ అయింది లుండ్‌బ్లాడ్ రాసిన ముక్కేనని తేలింది. బహిరంగంగా అందుబాటులో ఉన్న 6 వేలకు పైగా ప్రాజెక్టుల్లో అది కనిపించింది. అప్పుడు లుండ్‌బ్లాడ్ తన పాత కోడ్‌ను మళ్లీ తీసి చూసుకుంటే అందులో తప్పు బయటపడింది. 9,99,999 బైట్లు ఇస్తే అది `1000.0 kB` అని చూపిస్తోంది. చూపించాల్సింది `1.0 MB`. వెయ్యి కిలోబైట్లు అయ్యాక మెగాబైట్ల లెక్కలోకి వెళ్లాలి కదా! 999.999ని ఒక దశాంశానికి సవరిస్తే 1000.0 అవుతుందన్న సంగతి ఆ లాగరిథమ్‌కు తెలియదు. యూనిట్ ముందే ఎంచేసుకుంటుంది, సవరింపు తర్వాత జరుగుతుంది.

2019లో ఆయన ఈ సంగతి తనే రాసి, జవాబును దిద్దాడు. అయితే దిద్దింది అసలు ప్రతిని. కాపీల సంగతి? బాల్టెస్ పరిశోధనలో ఇంకో అంకె కూడా ఉంది. స్టాక్ ఓవర్‌ఫ్లో కోడ్ ఉన్న ప్రాజెక్టుల్లో, దాని లైసెన్సు షరతులకు తగ్గట్టుగా వాడినవి 1.8 శాతానికి మించలేదు. ఎక్కడి నుంచి తెచ్చారో రాసిపెట్టుకోని వాళ్లకు అసలు ప్రతిలో దిద్దుబాటు జరిగిందని తెలిసే దారి లేదు. తప్పుతో సహా తెచ్చుకున్నారు, తప్పుతో సహా ఉంచేసుకున్నారు.

ఈ లోటును పూడ్చేది ఒక చిన్న చీటీ. పనిని అప్పగించేటప్పుడు దాంతోపాటు జతచేసే వివరణ: ఇందులో ఫలానా భాగం నాది కాదు, ఫలానా చోటి నుంచి తెచ్చాను, తెచ్చాక ఇలా మార్చాను. పరిశోధన వ్యాసాలకు, డిజైన్ పోటీలకు, అనువాదాలకు కూడా ఇలాంటివి ఉంటాయి. కానీ ప్రోగ్రామింగ్‌లో దీని అవసరం, దీని తిప్పలు రెండూ బాగా కనిపిస్తాయి. అక్కడ ఇంకొకరి కోడ్ వాడడం నేరం కాదు, రోజువారీ పని. ఏ ప్రోగ్రామరూ అన్నీ మొదటి నుంచి రాయడు. కాబట్టి ప్రశ్న తెచ్చుకున్నారా లేదా అని కాదు. ఏది తెచ్చారు, ఏం చేశారు అన్నదే.

అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఈ విషయం మొదటి వారంలోనే సిలబస్ కాగితంలో కనిపిస్తుంది. హార్వర్డ్‌లో సీఎస్50 అనే పేరున్న ప్రోగ్రామింగ్ కోర్సు ఏది సబబు, ఏది సబబు కాదు అంటూ రెండు జాబితాలు ఇస్తుంది. బయట దొరికిన కొన్ని వరుసల కోడ్‌ను వాడుకోవచ్చు. షరతులు రెండే: ఆ వరుసలే అసైన్‌మెంట్‌కు జవాబు కాకూడదు, అవి ఎక్కడివో చెప్పాలి. ఎంఐటీ తన విద్యార్థుల కోసం వేసిన నిజాయితీ కరదీపికలో కోడ్ రాయడం గురించి వేరే అధ్యాయమే పెట్టింది. వ్యాసంలో ఫుట్‌నోట్ ఎక్కడ పెట్టాలో అందరికీ తెలుసు, కోడ్‌లో ఎక్కడ పెట్టాలో చాలామందికి తెలియదు మరి. జవాబు తేలికే. తెచ్చిన ముక్కకు సరిగ్గా పైన కామెంట్‌గా ఒకసారి, మొత్తం ఫైళ్లతోపాటు ఇచ్చే `README` ఫైలులో సారాంశంగా ఇంకోసారి.

చట్టం కూడా దాదాపు ఇదే అడుగుతుంది. స్టాక్ ఓవర్‌ఫ్లోలో రాసే ప్రతి జవాబూ క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉంటుంది. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు. బదులుగా రాసినవారి పేరు చెప్పాలి, మార్పులు చేస్తే చేశామని తెలపాలి, ఆ మార్చినదాన్ని బయటికి ఇచ్చేటప్పుడు అదే షరతు మీద ఇవ్వాలి. మొదటిది చాలామందికి గుర్తుంటుంది. రెండోది, అంటే మార్పుల సంగతి, ఎవరికీ గుర్తుండదు. నిజానికి చదివేవాడికి ఎక్కువ ఉపయోగపడేది ఆ రెండోదే. అదెలాగో ఒక ఉదాహరణ కట్టి చూద్దాం.

ఒక విద్యార్థినికి ఇలాంటి అసైన్‌మెంట్ వచ్చిందనుకుందాం: ఒక ఫోల్డర్‌లోని ఫైళ్లన్నిటినీ, దాని లోపలి ఫోల్డర్లతో సహా, సైజు వరుసలో చూపించే ప్రోగ్రామ్ రాయాలి. ఫైళ్లు తెరిచే ముక్కను మేడమే ఇచ్చారు. లోపలి ఫోల్డర్లలోకి ఎలా దిగాలో అర్థం కాక ఈ అమ్మాయి స్నేహితురాలితో కూర్చుని బోర్డు మీద బొమ్మ గీసుకుంది. సైజును చదవగలిగేలా చూపించడానికి లుండ్‌బ్లాడ్ పాత జవాబు దొరికింది. అందులో 1000 బదులు 1024 పెట్టుకుంది. మిగతాదంతా సొంతంగా రాసింది.

ఇప్పుడు చీటీ రాయాలి. ఎక్కువమంది రాసేది ఒక్క వాక్యం: ఈ ప్రోగ్రామ్‌కు ఇంటర్నెట్ సహాయం, స్నేహితుల సహాయం తీసుకున్నాను. ఇందులో అబద్ధం ఏమీ లేదు. ఉపయోగమూ లేదు. దిద్దేవాళ్లకు ఏ వరుస ఎవరిదో తెలియదు. సొంతంగా కష్టపడి రాసిన భాగం కూడా అనుమానం కిందికి వస్తుంది. మరీ విశాలంగా ఒప్పుకోవడం వల్ల వచ్చే నష్టం ఇదే: నాది ఏదో చెప్పకపోతే ఏదీ నాది కాకుండా పోతుంది.

అదే చీటీ ఇలా ఉంటే:

```
FileList.java – ఆధారాల వివరణ

openFolder(): మేడమ్ ఇచ్చిన కోడ్. మార్పు లేదు.

walk(): కోడ్ నాదే. తనను తానే పిలుచుకునే పద్ధతిని
  సహవిద్యార్థినితో చర్చించాను. ఆమె కోడ్ చూడలేదు.

formatSize(): స్టాక్ ఓవర్‌ఫ్లోలో ఆండ్రియాస్ లుండ్‌బ్లాడ్
  2010లో ఇచ్చిన జవాబు ఆధారం (లింకు కోడ్ పైన ఉంది).
  మార్పులు: 1) యూనిట్ 1000 నుంచి 1024.
  2) సవరించాక 1024.0 వస్తే తర్వాతి యూనిట్‌కు మార్చాను.
  పరీక్ష: 1048575 ఇస్తే 1.0 MiB వస్తోంది.

మిగతా ఫంక్షన్లన్నీ నావి.
```

ఇందులో రెండో మార్పు ఎక్కడి నుంచి వచ్చింది? చీటీ రాయడంలో నుంచే వచ్చింది. యూనిట్ మార్చాను అని రాయబోతూ ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆగి, మార్చాక పనిచేస్తోందా అని చూసుకుంది. 10,48,575 బైట్లంటే ఒక మెబిబైట్‌కు ఒక్క బైటు తక్కువ. దాన్ని 1024తో భాగిస్తే 1023.999 వస్తుంది, ఒక దశాంశానికి సవరిస్తే 1024.0. తెర మీద `1024.0 KiB` అని పడింది. అంటే 1000 తీసేసి 1024 పెట్టినంత మాత్రాన పాత తప్పు పోలేదు, వేరే అంకె దగ్గరికి జరిగిందంతే. అది చూసి రెండో మార్పు చేసింది, చేసిందని రాసింది. దిద్దేవాళ్లు ఇప్పుడు మొత్తం ప్రోగ్రామ్ తవ్వక్కర్లేదు. ఆ ఒక్క అంకె ఇచ్చి చూస్తే చీటీ నిజమో కాదో తేలిపోతుంది. మార్కులు వేయడానికి కూడా పట్టు దొరుకుతుంది: లాగరిథమ్ ఆలోచన ఈమెది కాదు, అంచు దగ్గర తప్పు పట్టుకోవడం ఈమెదే.

స్నేహితురాలి ప్రస్తావన చూడండి. ఆమె కోడ్ చూడలేదు అన్న మాట ఊరికే పెట్టింది కాదు. చాలా కోర్సుల్లో గీత సరిగ్గా అక్కడే ఉంటుంది. బోర్డు మీద మాట్లాడుకోవచ్చు, ఒకరి తెర ఒకరు చూడకూడదు. మన భాషలో ఈ రకం ప్రస్తావనకు దాదాపు వెయ్యేళ్ల వయసుంది. రాజమహేంద్రవరంలో భారతం తెనిగించడం మొదలుపెట్టిన నన్నయ, తనకు తోడ్పడిన నారాయణభట్టు పేరును అవతారికలోనే చెప్పుకున్నాడు. కాకపోతే ఏ ఆశ్వాసంలో ఏ మేరకు సాయపడ్డాడో చెప్పలేదు. పండితులు ఊహించుకుంటూ ఉండాల్సి వచ్చింది.

ఇక మార్చాను అనే మాటకు చాలామంది ఇచ్చే అర్థం వేరే ఉంది. చరరాశుల పేర్లు మార్చడం, కామెంట్లు తీసేయడం, రెండు ఫంక్షన్లను కిందామీదా చేయడం. ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబుల్లో ఈ విద్యకు పెద్ద పేరే ఉంది. రికార్డు దిద్దే సారు కంటికి అది ఆనకపోవచ్చు. ఒక యంత్రం మాత్రం దీన్ని పట్టించుకోదు. అలెక్స్ ఐకెన్ 1994లో తయారుచేసిన మాస్ అనే వ్యవస్థ ప్రోగ్రామ్‌లను పోల్చేముందు ఖాళీలను, పేర్లను, కామెంట్లను లెక్కలోంచి తీసేస్తుంది. మిగిలిన కోడ్‌ను కొద్దికొద్ది అక్షరాల పొడవున్న ముక్కలుగా, ఒకదాని మీద ఒకటి పడేలా కోసి, ఒక్కో ముక్కకు ఒక అంకె కట్టి, అందులో కొన్నిటిని వేలిముద్రల్లా దాచుకుంటుంది. రెండు ఫైళ్లలో ఒకే వేలిముద్రలు ఎక్కువగా కలిస్తే ఆ వరుసలను పక్కపక్కన పెట్టి చూపిస్తుంది. `total` అనే పేరును `sum` అని మారిస్తే వేలిముద్ర మారదు. ఫంక్షన్లు ఇటుది అటు పెడితే ముక్కలు చోటు మారతాయి, పోవు.

అయితే మాస్ చెప్పేది పోలిక ఉందనే. ఎవరు ఎవరిది చూశారో చెప్పదు. ఇద్దరూ మూడో చోటి నుంచి తెచ్చుకున్నారా, ఇద్దరికీ మేడమ్ ఇచ్చిన కోడే ఉందా అన్నది దానికి తెలియదు. మేడమ్ ఇచ్చిన కోడ్‌ను ముందే వేరే ఫైలుగా దానికిస్తే ఆ భాగాన్ని లెక్కలోంచి వదిలేస్తుంది. ఇంటర్నెట్ నుంచి కొద్దిమందే తెచ్చుకున్నదాన్ని వదలడానికి మాత్రం మనిషే కావాలి. ఒకే తరగతిలో కొద్దిమంది లుండ్‌బ్లాడ్ ముక్క వాడితే వాళ్లందరికీ ఎర్ర గీతలు పడతాయి. వాళ్లలో చీటీ పెట్టినవాళ్లది అక్కడితో ముగిసిపోతుంది. పెట్టనివాళ్లకు పిలుపు వస్తుంది, అప్పుడు చెప్పేది సంజాయిషీ అవుతుంది. ముందు చెప్పినా తర్వాత చెప్పినా విషయం ఒకటే. విలువ మాత్రం ఒకటి కాదు.

ఆంధ్ర, తెలంగాణల నుంచి మాస్టర్స్ కోసం వెళ్లే పిల్లల్లో చాలామందికి ఈ చీటీతో తొలి పరిచయం అక్కడే అవుతుంది. ఇక్కడి ప్రాజెక్టు రిపోర్టులో డిక్లరేషన్ పేజీ ఉంటుంది. ఈ పని నా సొంతం, మరే డిగ్రీకీ సమర్పించలేదు అని సంతకం పెడతారు. అక్నాలెడ్జ్‌మెంట్ పేజీలో ప్రిన్సిపాల్ నుంచి ల్యాబ్ అసిస్టెంట్ దాకా అందరికీ కృతజ్ఞతలు చెబుతారు. ఒకటి ఏదీ తేలేదంటుంది. ఇంకొకటి అందరూ సాయపడ్డారంటుంది. ఈ రెండు పేజీల మధ్య, ఫలానా ఫంక్షన్ ఫలానా చోటిది అని చెప్పే పేజీకి చోటు లేదు. ఏళ్ల తరబడి ఇలా సంతకాలు పెట్టినవాళ్లు అక్కడ తొలి అసైన్‌మెంట్‌లోనే తెచ్చుకున్న కోడ్ గురించి ఏం రాయాలో తెలియక వదిలేస్తే వింతేముంది?

యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనలు థీసిస్‌ల విషయంలో పోలికను శాతాల్లో కొలుస్తాయి. 10 శాతం దాకా శిక్ష లేదు. 10 దాటి 40 దాకా ఉంటే దిద్ది మళ్లీ ఇవ్వాలి, 40 దాటితే ఏడాది ఆగాలి, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. ఆధారం చెప్పి ఉటంకించిన భాగాన్ని ఈ లెక్కలోంచి తీసేస్తారు. అంటే చీటీకి ఇక్కడా విలువ ఉంది, కాకపోతే మినహాయింపుగా మాత్రమే. దీంతో విద్యార్థుల దృష్టంతా శాతం తగ్గించడం మీదికి పోయింది. తొమ్మిది శాతం వచ్చిందంటే ఊపిరి పీల్చుకుంటారు. ఆ తొమ్మిది శాతం ఏమిటో ఎవరూ అడగరు.

ఇంతకీ మార్పుల చిట్టా సరిగ్గా రాస్తే ఎలా ఉంటుంది? దీనికి మంచి నమూనా ఏ కాలేజీలోనూ లేదు. మన ఫోన్లలో, కంప్యూటర్లలో రోజూ నడిచే ఒక కోడ్ ఫైలులో ఉంది.

2002లో టిమ్ పీటర్స్ అనే ఆయన పైథాన్ భాషకు వస్తువులను వరుసలో పెట్టే కొత్త పద్ధతి రాశాడు. అదే టిమ్‌సార్ట్. పరీక్ష పేపర్లు రోల్ నంబరు వరుసలో పెట్టాలనుకోండి. కట్టలో అక్కడక్కడా ఇప్పటికే వరుసగా ఉన్న పేపర్లు ఉంటాయి కదా. వాటిని చెదరగొట్టకుండా చిన్న కట్టలుగా తీసి, కట్టకూ కట్టకూ కలుపుకుంటూ పోతే పని తొందరగా అవుతుంది. టిమ్‌సార్ట్ చేసేది అదే. పీటర్స్ తన కోడ్‌తోపాటు పెద్ద వివరణ పత్రం కూడా రాసి పెట్టాడు. కట్టలు కలిపేటప్పుడు వాడిన ఒక ఉపాయాన్ని తాను మొదట ఏ పరిశోధన పత్రంలో చూశాడో చెప్పి, అదే ఉపాయం అంతకుముందే 1993లో పీటర్ మెకల్‌రాయ్ పత్రంలో ఉందనీ రాశాడు. నేర్చుకున్న చోటు వేరు, పుట్టిన చోటు వేరు అని విడదీసి చెప్పే ఓపిక అందరికీ ఉండదు.

తర్వాత జాషువా బ్లాక్ దాన్ని జావాలోకి తెచ్చాడు. ఫైలు మొదట్లోనే ఇది పీటర్స్ పైథాన్ కోడ్‌కు జావా రూపమని రాసి, మూలం ఎక్కడుందో, మెకల్‌రాయ్ పత్రం ఏదో చెప్పాడు. అక్కడితో ఆగలేదు. మార్చిన ప్రతి అంకె దగ్గరా ఒక కామెంట్ పెట్టాడు. ఎంత చిన్న కట్టలైతే కలపడం మొదలుపెట్టాలన్న అంకె పీటర్స్ కోడ్‌లో 64, ఇక్కడ పరీక్షించి చూస్తే 32 బాగా పనిచేసింది, అందుకే మార్చాం. కలపాల్సిన కట్టలను గుర్తుంచుకోవడానికి పీటర్స్ ఎప్పుడూ 85 గళ్లు కేటాయిస్తాడు, జావాలో మధ్యరకం జాబితాలకు అది దండగ ఖర్చని కొలతల్లో తేలింది, అందుకే జాబితా పొడవును బట్టి తక్కువ గళ్లు ఇస్తున్నాం. అసలు ఎంత, ఇప్పుడు ఎంత, ఎందుకు? ఒక్కో మార్పుకు మూడు మాటలు.

ఈ చివరి కామెంట్ విలువ 2015లో తెలిసింది. నెదర్లాండ్స్, జర్మనీ పరిశోధకులు కొందరు టిమ్‌సార్ట్ సరైనదేనని గణితపరంగా నిరూపించబోయి, అది సరైనది కాదని కనిపెట్టారు. కట్టల పొడవుల మధ్య ఒక నిష్పత్తి ఎప్పుడూ నిలబడాలి, అలా నిలబడితేనే పెండింగ్ కట్టలు కొద్దిగా ఉంటాయి. కోడ్ పైనున్న కట్టలను మాత్రమే సరిచూస్తుంది. కొన్ని జాబితాల్లో అడుగున ఉన్న కట్టల దగ్గర నిష్పత్తి తప్పిపోతుంది. అప్పుడు అనుకున్నదానికన్నా ఎక్కువ కట్టలు పేరుకుంటాయి, గళ్లు చాలవు. ఈ తప్పు పీటర్స్ మూలంలోనే ఉంది. అయితే పైథాన్‌లో 85 గళ్లు ఉన్నాయి కనుక, నేటి కంప్యూటర్లలో పట్టేంత జాబితాలతో అక్కడ ప్రమాదం లేదు. జావాలో పెద్ద జాబితాలకు ఇచ్చింది 40 గళ్లే. పరిశోధకులు 6 కోట్ల 71 లక్షల పైచిలుకు అంశాలతో ఒక జాబితా కట్టి ఇస్తే ప్రోగ్రామ్ కూలిపోయింది.

చీటీ లేకపోతే దీన్ని అర్థం చేసుకోవడానికి ఎన్ని రోజులు పట్టేదో! ఒకే పద్ధతి ఒక చోట పడిపోతోంది, ఇంకో చోట నిలబడుతోంది. ఎందుకు? గళ్ల సంఖ్య మార్చామని అక్కడే రాసి ఉంది. అంటే తప్పు అరువు తెచ్చుకున్నది, అది బయటపడేలా చేసింది సొంత మార్పు. రెండూ వేర్వేరుగా కనిపిస్తున్నాయి కాబట్టి మందు కూడా వేర్వేరుగా వేశారు. పైథాన్‌లో నిష్పత్తిని సరిచూసే చోటే దిద్దారు. జావాలో 40ని 49 చేశారు. రెంటిలో ఏది మెరుగైన మందో ప్రోగ్రామర్లు వాదించుకున్నారు, మూలంలోని తప్పును దిద్దకుండా గళ్లు పెంచడం పరిశోధకులకు నచ్చలేదు.

ఇంత పద్ధతిగా రాసిన బ్లాక్ చీటీలోనే ఒక చిన్న ఖాళీ ఉండిపోయింది. అదే కోర్టుకెక్కింది.

బ్లాక్ గూగుల్‌కు రాకముందు సన్ మైక్రోసిస్టమ్స్‌లో పనిచేశాడు. అక్కడ జావాకు `rangeCheck` అనే తొమ్మిది వరుసల ముక్క రాశాడు. జాబితాలో ఈ చోటి నుంచి ఆ చోటి దాకా అని అడిగితే, ఆ రెండు చోట్లూ నిజంగా జాబితాలో ఉన్నాయా అని చూసే సాదాసీదా పని దానిది. గూగుల్‌లో టిమ్‌సార్ట్ రాసేటప్పుడు ఆ తొమ్మిది వరుసలు అలాగే అందులోకి వచ్చాయి. ఆ కోడ్‌ను తిరిగి జావాకే ఇవ్వాలన్నది ఆలోచన, కాబట్టి అక్కడున్న ముక్కతో సరిపోలాలనుకున్నాడు. కానీ అదే ఫైలు ఆండ్రాయిడ్‌లోకి కూడా వెళ్లింది. ఈలోగా సన్‌ను ఒరాకిల్ కొనేసింది. ఒరాకిల్ గూగుల్ మీద దావా వేసింది.

2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో విచారణ జరిగింది. ఆ దావాలో అసలు పోరు జావా పేర్ల అమరిక మీద, అది ఏళ్ల తరబడి సాగి 2021లో అమెరికా సుప్రీంకోర్టులో గూగుల్‌కు అనుకూలంగా ముగిసింది. ఈ తొమ్మిది వరుసల విషయంలో మాత్రం జ్యూరీ గూగుల్‌దే తప్పంది. జడ్జి విలియం ఆల్సప్‌కు ప్రోగ్రామింగ్ వచ్చు. అలాంటి ముక్కలు తానే వందసార్లు రాశానని కోర్టులో అన్నారు. తీర్పులో కూడా, అది దురుద్దేశం లేని, లెక్కలోకి రాని కాపీ అని రాశారు. పరిహారం సున్నా అని రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి. ఆ వరుసలను ఆండ్రాయిడ్ నుంచి అప్పటికే తీసేశారు కూడా.

ఇక్కడ ఆగి చూడాల్సింది ఒకటుంది. బ్లాక్ ఎవరి కోడ్‌నూ దొంగిలించలేదు, తాను రాసిందే వాడుకున్నాడు. పీటర్స్ నుంచి తెచ్చినదంతా జాగ్రత్తగా రాసిన మనిషికి, తన పాత కోడ్ కూడా బయటి ఆధారమేనని తట్టకపోవడంలో ఆశ్చర్యం లేదు. కానీ రాసింది ఆయనైనా, హక్కు ఆయనది కాదు. కాలేజీల్లోనూ సరిగ్గా ఇలాంటి చిక్కే వస్తుంది. పోయిన సెమిస్టరులో వేరే సబ్జెక్టుకు ఇచ్చిన సొంత కోడ్‌ను ఇప్పుడు మళ్లీ వాడితే, చాలా కోర్సులు దాన్ని కూడా చెప్పమంటాయి. ఇంటర్న్‌షిప్‌లో కంపెనీ కోసం రాసిన ముక్కైతే ఇంకా జాగ్రత్త కావాలి. అది చెప్పడమే కాదు, వాడే అనుమతి ఉందో లేదో కూడా చూసుకోవాలి. చీటీలో మిగతా ఫంక్షన్లన్నీ నావి అని రాసేటప్పుడు వేలు ఆగాల్సిన చోటు ఇదే. నావి అంటే నేను రాసినవా, ఈ పని కోసం నేను రాసినవా?

చీటీ రాసుకోవడానికి సరైన వేళ అప్పగించే రాత్రి కాదు. అర్ధరాత్రి 12 గంటల గడువుకు పదకొండున్నరకు కూర్చుంటే ఏ ముక్క ఏ పేజీ నుంచి వచ్చిందో గుర్తుండదు, బ్రౌజర్‌లో తెరిచిన పేజీలన్నీ అప్పటికే మూసేసి ఉంటాయి. అనుభవమున్నవాళ్లు అతికించిన క్షణంలోనే పైన లింకు పెడతారు. అతికించిన కోడ్‌ను మార్చకముందే ఒకసారి, మార్చాక ఒకసారి విడివిడిగా దాచుకుంటారు. గిట్ వాడేవాళ్లకు ఇది రెండు కమిట్ల పని:

```
git commit -m "formatSize: మూలం, మార్పు లేదు"
git commit -m "formatSize: 1024, అంచు సవరణ"
```

ఈ రెండింటి మధ్య తేడాను అడిగితే ఏం మార్చారో కంప్యూటరే వరుసవారీగా చూపిస్తుంది, జ్ఞాపకం మీద ఆధారపడక్కర్లేదు. మొదటి కమిట్ లేకుండా, మార్చేశాక ఒకేసారి దాచుకుంటే అసలు ఏది, మార్పు ఏది అన్నది కలిసిపోతుంది. అప్పుడు చీటీ ఊహాగానమే.

అన్నీ తెలిసీ మరచిపోయేవాళ్ల కోసం సీఎస్50 2014 నుంచి ఒక వెసులుబాటు ఇస్తోంది. చెప్పకుండా ఏదైనా వాడి అప్పగించేసినవాళ్లు 72 గంటల్లోపు తామే వచ్చి చెప్పుకుంటే, కోర్సు ఆ పనికి మార్కులు తగ్గించవచ్చు, సున్నా కూడా వేయవచ్చు. పదేపదే జరిగితే తప్ప, విశ్వవిద్యాలయ క్రమశిక్షణ సంఘానికి మాత్రం పంపదు. 72 గంటలు దాటి, మాస్ ఎర్ర గీతలు గీశాక వస్తే ఈ వెసులుబాటు వర్తించదు.